రిఫరెన్స్ ఉందో లేదో తేలడం లేదు, నాలుగు గంటలైంది

నల్గొండ లెక్చరర్: డిగ్రీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు దిద్దుతున్నాను. ఒకమ్మాయి ఫ్లోరైడ్ మీద రాసింది, చివర 31 రిఫరెన్సులు పెట్టింది. రెండింటి దగ్గర మధ్యాహ్నం నుంచి ఆగిపోయాను. ఒకదాని లింకు తెరుచుకోదు. ఇంకోటి వెతికితే పేరు వస్తుంది, పేపర్ రాదు. ఇవి కల్పించినవేనా? రేపు పొద్దున మార్కులివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు స్కాలర్: మేడం, పోలికలు చూసే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. నా థీసిస్ అప్పుడు మా గైడ్ అదే చూశారు.

సూర్యాపేట లైబ్రేరియన్: ఆ సాఫ్ట్‌వేర్ కాపీని పట్టిస్తుంది. రిఫరెన్స్ నిజమో కాదో దానికి తెలియదు. మేడం, ఆ రెండింటినీ ప్రాజెక్టులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. ఏ వాక్యం కింద వాడిందో కూడా కావాలి.

నల్గొండ లెక్చరర్: అవి చెప్పలేదు కదా, సారీ. 7వది షార్ట్, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్, 1937, సంపుటం 25, పేజీ 553. 8వది సిద్దిఖీ, బ్రిటిష్ మెడికల్ జర్నల్, 1955, సంపుటం 2, పేజీ 1408. దీని డీఓఐ `10.1136/bmj.2.4935.1408`. రెండింటినీ ఒకే వాక్యానికి పెట్టింది: "నల్గొండలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో గుర్తించారు."

మిర్యాలగూడ: సంవత్సరం బ్రాకెట్లో లేదు, జర్నల్ పేరు వాలు అక్షరాల్లో లేదు. ముందు ఫార్మాట్ సరిచేయించండి. మా కాలేజీలో కామా తప్పినా వెనక్కి పంపేవాళ్లం. పిల్లలకు అప్పుడే శ్రద్ధ వస్తుంది.

సూర్యాపేట లైబ్రేరియన్: కామాలు తర్వాత చూద్దాం. 8వది నిజమైన పేపరే. పబ్‌మెడ్‌లో Fluorosis in Nalgonda district అని వెతకండి, వస్తుంది. సరైన డీఓఐ `10.1136/bmj.2.4953.1408`. బీఎంజే పాత డీఓఐలలో సంపుటం, సంచిక, పేజీ వరుసగా ఉంటాయి. ఆ అమ్మాయి సంచిక అంకెల్లో 5ను, 3ను తారుమారు చేసింది, అంతే. పాత సంచికల స్కాన్ పేజీలు పీఎంసీలో ఉచితంగా చదవొచ్చు.

7వది గూగుల్ స్కాలర్‌లో వెతికితే పేరు ముందు [CITATION] అని వచ్చిందా?

నల్గొండ లెక్చరర్: అవును సార్, అదే వచ్చింది. అంటే ఉన్నట్టేనా?

సూర్యాపేట లైబ్రేరియన్: ఆ గుర్తు ఉంటే ఎవరో తమ జాబితాలో దాన్ని రాశారని మాత్రమే అర్థం. పేపర్‌ను గూగుల్ చూడలేదు. ఒకరు తప్పు రాస్తే పది మంది అదే తప్పును దించుకుంటారు, అప్పుడూ ఆ గుర్తు వస్తుంది. అయితే 1937 పేపర్ మాత్రం నిజంగానే ఉంది. దాని పేరు గమనించండి: మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి. అందులోది నెల్లూరు వైపు సంగతి. అప్పుడు నల్గొండ నిజాం రాజ్యంలో ఉంది. పేపర్ ఉంది, కానీ ఆ వాక్యానికి అది ఆధారం కాదు.

దేవరకొండ: అయితే దొంగ రిఫరెన్సే కదా. సున్నా వేయండి.

సూర్యాపేట లైబ్రేరియన్: లేని పేపర్‌ను సృష్టిస్తే దొంగది. ఇది ఉన్న పేపర్‌కు లేని మాట అంటగట్టడం. రెండూ తప్పే, కానీ ఒకే తప్పు కాదు.

దేవరకొండ: చదవకుండా పెడితే నా దృష్టిలో దొంగదే.

పాలమూరు స్కాలర్: మూలం దొరక్క నేనూ వేరే పేపర్‌లోది చూసి పెట్టాను. అందరూ చేసేదే.

సూర్యాపేట లైబ్రేరియన్: అలాంటప్పుడు ఏది చదివితే దాన్నే చూపించాలి, "ఫలానావారు ఉదహరించినట్టు" అని. ఈ అమ్మాయి ఏదో సమీక్షలో "భారత్‌లో 1937లో" అని చదివి, నల్గొండ అని రాసేసి ఉండొచ్చు. మేడం, 7వది ఎక్కడ చదివావని అడగండి. పీడీఎఫ్ తెరిచి ఆ మాట ఉన్న పేజీ చూపించమనండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకో సంగతి, సిద్దిఖీ పేపర్‌తో 1955 నాటికి ఇక్కడ జబ్బు ఉందని చెప్పొచ్చు. "మొదట" అనడానికి అదొక్కటే సరిపోదు.

మిర్యాలగూడ: 31లో ఎన్ని చూడాలి మరి? ఒక్కొక్కటీ ఇలా చూస్తే తెల్లారుతుంది.

సూర్యాపేట లైబ్రేరియన్: నేనైతే అంకె, సంవత్సరం, "మొదటి" అనే మాట ఉన్న వాక్యాలకు పెట్టినవన్నీ తెరుస్తాను. మిగతావి ఉన్నాయో లేవో పేరుతో చూసి వదిలేస్తాను.

నల్గొండ లెక్చరర్: అమ్మాయికి ఫోన్ చేశాను. 7వది చదవలేదట, ఒక వ్యాసం చివర్లోంచి ఎక్కించిందట. ఏడ్చింది పాపం. వాక్యం మార్చి తెమ్మన్నాను. థ్యాంక్స్ సార్. 19వది ఒక మండలం సర్వే నివేదిక అని ఉంది, ఏ ఆఫీసుదో, ఏ సంవత్సరానిదో లేదు. దాన్నెలా చూడాలి?

దేవరకొండ: తీసేయమనండి.

పాలమూరు స్కాలర్: మర్రిగూడ మండలానిదా మేడం?