“మూట బిగిసిన కొద్దీ సంఖ్య...” చెదరునా, చెరగునా?

మాధవి:
తరంగ ప్యాకెట్, అంటే కొద్ది చోటులోనే ఉండే అలల మూట, గురించి పాఠం చెబుతూ మా మాస్టారు ఒక వాక్యాన్ని సూత్రంలా వల్లించేవారు. “మూట బిగిసిన కొద్దీ సంఖ్య” వరకు గుర్తుంది గానీ, చివరి క్రియ “చెదరును” అన్నారో “చెరగును” అన్నారో తేలడం లేదు. అర్థాన్ని బట్టి ఏది నిలుస్తుందో చెప్పగలరా?

రాఘవరావు:
నా లెక్కన రెండూ కావు, అది “తరుగును” అయి ఉండాలి. తరంగ సంఖ్య అంటే అలల లెక్క కదా. మూటను బిగిస్తే లోపల పట్టే అలలు తగ్గుతాయి, కాబట్టి సంఖ్య తరుగుతుంది. ఆ క్రియ మొదటి అక్షరాలు మీ చెవిన సరిగా పడి ఉండవు.

శారద:
రాఘవరావు గారూ, ఆ మాట తెలుగులో ఎందరినో అలాగే దారి తప్పించింది. తరంగ సంఖ్య మూటలో ఉన్న అలల లెక్క కాదు, ఒక్కో సెంటీమీటరుకు దశ ఎన్ని రేడియన్లు తిరుగుతుందో చెప్పే రాశి. అలల మధ్య దూరం మారనంతవరకు మూట పొడుగు తగ్గినా దాని మధ్య విలువ తరగదు. అయితే మీ పొరపాటులోనే అసలు విషయం దొరుకుతుంది.

20 సెంటీమీటర్ల పొడుగున 10 అలలున్న తునక ఒకటి తీసుకోండి, తరంగ సంఖ్య సెంటీమీటరుకు 3.14 రేడియన్లు అవుతుంది. ఇప్పుడు అదే 20 సెంటీమీటర్లలో 11 అలలు పట్టే మరో తరంగాన్ని దాని పక్కన పరచండి. మొదట్లో రెండూ కలిసి నడుస్తాయి, నడుమకు వచ్చేసరికి ఒకటి ఎక్కుతుంటే మరొకటి దిగుతుంటుంది, చివర మళ్లీ కలుస్తాయి. రెండింటినీ గుణించి మొత్తం పొడవునా కూడితే సున్నా వస్తుంది, అంటే ఆ 11 అలల తరంగానికి మన తునకలో వాటా లేదు. పదిన్నర అలల తరంగానికైతే పూర్తిగా కొట్టుకుపోయేంత జాగా దొరకదు, దాని వాటా మిగులుతుంది. 9 అలల తరంగానికీ 11 అలల దాని గతే. కాబట్టి వాటాలో ముఖ్యభాగం ఆ రెండింటి తరంగ సంఖ్యల మధ్య, 2.83 నుంచి 3.46 వరకు పరుచుకుంటుంది. అదే తునకను 6 సెంటీమీటర్లకు కోసి 3 అలలు మాత్రమే ఉంచితే, ఆ పరపు 2.09 నుంచి 4.19 దాకా పోతుంది. మధ్య విలువ 3.14 దగ్గరే ఉంది, చుట్టుపక్కల చెల్లాచెదురయింది. అందువల్ల “చెదరును” అన్నదే నా పాఠం.

కిరణ్:
“చెదరును” సరే గానీ, చెదిరేది మూటే అనుకుంటాను. నేను కంప్యూటరులో స్వేచ్ఛా కణానికి గంట ఆకారపు గాసియన్ ప్యాకెట్ నడిపించి చూశాను. క్వాంటమ్ స్థిరాంకం ħ, ద్రవ్యరాశి రెండూ 1గా, వెడల్పు 1తో మొదలుపెడితే, కాలం 2 అయ్యేసరికి వెడల్పు 1.41 అయింది. అంటే మూట వదులైంది, సంఖ్య బిగిసి ఉండాలి కదా?

శారద:
బిగియదు. ఆ క్షణాన మీ ప్యాకెట్‌కు ఫూరియే రూపాంతరం తీసి, అంటే అందులో ఏ తరంగానికి ఎంత వాటా ఉందో విడదీసి చూడండి, తరంగ సంఖ్య పరపు మొదట ఉన్న 0.5 దగ్గరే ఉంటుంది. స్వేచ్ఛగా సాగుతున్నప్పుడు ఒక్కో తరంగపు దశ మారుతుందే తప్ప దాని వాటా మారదు. రెండు వెడల్పుల లబ్ధం 0.5 నుంచి 0.71కి పెరిగింది, అంతే. ఇరుకు మూటకు పరపు తప్పదు గానీ, వెడల్పు మూటకు పరపు తక్కువే ఉండాలన్న నియమం లేదు. మాస్టారి వాక్యాన్ని తిరగేసి చదవకూడదు.

వెంకటరమణ:
శారద గారు ఒక చిక్కును దాటవేశారు. ఆ 0.5 ప్రామాణిక విచలనాల లబ్ధం, అందులోనూ తీవ్రతను బట్టి కొలిచినది. గాసియన్‌లోనే కంపన పరిమితిని బట్టి కొలిస్తే 1 వస్తుంది. ఇక ఆమె చెప్పిన 10 అలల తునక అంచులు కత్తితో కోసినట్టున్నాయి కాబట్టి దాని వర్ణపటం తోకలు ఎంత దూరమైనా సన్నగా సాగుతాయి, ప్రామాణిక విచలనం అనంతమవుతుంది. “వెడల్పు” అన్న మాటకు ఏ కొలతో చెప్పకుండా ఏ క్రియ పెట్టినా వివాదమే.

శారద:
ఒప్పుకుంటున్నాను, అందుకే అక్కడ మధ్య విలువకు అటూ ఇటూ వాటా మొదటిసారి సున్నా అయ్యే చోట్ల మధ్య దూరాన్ని తీసుకున్నాను. అంచులను నున్నగా దిద్దితే ఆ తోకలు తగ్గుతాయి.

రాఘవరావు:
నా “తరుగును”ను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్క అలే మిగిలిందాకా కోస్తే? శారద గారి లెక్కనే పరపు సున్నా నుంచి 6.28 దాకా పోతుంది. అప్పుడిక ఇదీ దీని తరంగ సంఖ్య అని చూపడానికి ఏముంది? అక్కడ సంఖ్య చెదరలేదు, చెరిగిపోయింది.

మాధవి:
ఆయన నల్లబల్ల మీద మూటలో ఒక్కో అలను తుడుస్తూ ఆ వాక్యం చెప్పేవారని ఇప్పుడు గుర్తొస్తోంది. ఒక్క అల దగ్గర ఆగేవారో, మూడింటి దగ్గరే ఆగేవారో మాత్రం గుర్తులేదు.