కత్తిరించిన స్ట్రిప్పులపై ఎస్‌ఓపీలో ఏం రాయాలి?

పటమట ఫార్మసిస్ట్ (ప్రశ్న): విజయవాడలో చిన్న మందుల షాపు మాది. మందులు దించుకోవడం, నిల్వ, అమ్మకంపై నమూనా ఎస్‌ఓపీ, అంటే ఏ పని ఎలా చేయాలో చెప్పే పత్రం, రాస్తున్నాను. “స్ట్రిప్పు కత్తిరించి అమ్మరాదు” అని రాస్తే మా యజమాని ఒప్పుకోవడం లేదు. రాయకపోతే కత్తిరించిన ముక్కలకు లెక్క ఉండటం లేదు. మీ షాపుల్లో ఏం చేస్తున్నారు?

బిల్లింగ్ బాబు: నిషేధమే సరైనదండీ. బ్యాచ్ నెంబరు, గడువు తేదీ లేని మందు అమ్మడం చట్టప్రకారం నేరం. కాబట్టి స్ట్రిప్పు కత్తిరించడమూ నేరమే. పైగా ఇప్పుడు సాఫ్ట్‌వేర్లన్నీ గడువు ముందుగా ముగిసే బ్యాచ్‌ను వాటంతట అవే ఎంచుకుంటున్నాయి కనుక ఎస్‌ఓపీలో దీనికోసం పేజీలు నింపనక్కర్లేదు.

కొత్తపేట పాతకాపు: బాబుగారూ, మీ మాటలో సగం నిజం ఉంది. బిల్లులో బ్యాచ్, గడువు ఉండాలన్నది వాస్తవమే. అయితే కత్తిరించవద్దని నేరుగా చెప్పే నిబంధనను గుంటూరులో నేను కౌంటరు వెనక గడిపిన ఇన్నేళ్లలో ఏ ఇన్‌స్పెక్టరూ నాకు చూపలేదు. డాక్టరు మూడు రోజులకు రాసిన మందుకు పదిహేను మాత్రలు అంటగడితే, మిగిలినవి ఆ ఇంట్లో ఇంకెవరో సొంత వైద్యానికి వాడతారు. అందుచేత కత్తిరించాలా వద్దా అన్న వాదన కన్నా, ఎలా కత్తిరించాలి, మిగిలిన ముక్క ఎక్కడికి వెళ్లాలి అన్నదే ఎస్‌ఓపీలో రాయవలసిన విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టెల్మిసార్టాన్ 40 స్ట్రిప్పులో పదిహేను మాత్రలు ఉన్నాయి, వచ్చినవారికి నాలుగు కావాలి. చాలా స్ట్రిప్పులకు బ్యాచ్, గడువు ఒక చివరనే అచ్చై ఉంటాయి. కుర్రవాడు చేతికందిన చివర కత్తిరిస్తే ఆ అచ్చు నాలుగు మాత్రలతో వెళ్లిపోతుంది, మన దగ్గర మిగిలిన పదకొండూ అనామకాలు అవుతాయి. కాబట్టి అచ్చు లేని చివర నుంచే కత్తిరించాలి. కత్తెర రెండు గుంటల మధ్య పట్టీ మీదుగా నడవాలి తప్ప గుంట అంచును తాకకూడదు. తాకితే సీలు ఊడి తేమ లోపలికి పోతుంది, సోడియం వాల్‌ప్రోయేట్ వంటి తేమ పీల్చే మాత్రలు మెత్తబడతాయి.

మిగిలిన పదకొండు మాత్రల ముక్కను “లూజు డబ్బా”లో వేయకూడదు. అసలు ఆ డబ్బాయే షాపులో ఉండకూడదని నా అభిప్రాయం. వెండిరంగు ముక్కలన్నీ ఒకేలా కనిపించే ఆ డబ్బాలోనే బీపీ మాత్ర, షుగరు మాత్ర కలిసిపోయేది. ముక్కను దాని సొంత పెట్టెలోకే, అన్నిటికన్నా ముందు వరుసలోకి, రబ్బరు బ్యాండు వేసి తిరిగి పంపాలి. అది పూర్తయ్యేదాకా అదే మందులో రెండో స్ట్రిప్పు తెరవరాదు.

బ్రాడీపేట నివాసి: నేను షాపువాడిని కాను, కొనేవాడిని. మీరంతా మీ దగ్గర మిగిలే ముక్క గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మగారికి పోయిన వేసవిలో మూడు రకాల మందులు నాలుగేసి చొప్పున ఒకే కాగితపు కవరులో వేసి ఇచ్చారు. ఒక ముక్క మీద మందు పేరులో చివరి మూడు అక్షరాలు మాత్రమే ఉన్నాయి, ఇంకో దాని మీద అదీ లేదు. ఆమె రంగు చూసి రెండు రోజులు వేసుకున్నారు. రాత్రి మాత్ర పొద్దున పడిందని మూడో రోజు నేను వచ్చాక తెలిసింది. అచ్చు మీ దగ్గరే ఉంచుకునే పద్ధతి మాకేమి మేలు చేస్తుంది?

కొత్తపేట పాతకాపు: మీరు అడిగింది న్యాయమే, నేను సగంలో ఆపేశాను. అచ్చు లేని ముక్క కొనేవారికి వెళ్తుంది కాబట్టి ఒక్కో మందుకు ఒక్కో కవరు ఇవ్వాలి. దాని మీద మందు పేరు, మోతాదు, బ్యాచ్, గడువు, ఏ పూట ఎన్ని వేసుకోవాలో రాయాలి. పూట తెలుగులో రాయడం నా అలవాటు. “1-0-1” అంటే ఏమిటో పెద్దవాళ్లందరికీ తెలుస్తుందనుకోవడం మన భ్రమ.

పటమట ఫార్మసిస్ట్: గురువుగారూ, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా డాక్టర్ల దగ్గర నుంచి అందరూ ఒకేసారి వస్తారు. కౌంటరులో ఉండేది ఇద్దరమే. ప్రతి కవరు మీద అంత రాయడం సాధ్యమయ్యే పని కాదు. బ్యాచ్, గడువు ఎలాగూ బిల్లులో ఉంటాయి కదా, బిల్లును కవరుకు పిన్ను చేసి, పేరు, పూట మాత్రం చేత్తో రాస్తే సరిపోదా?

కొత్తపేట పాతకాపు: సరిపోతుంది, బిల్లులోని బ్యాచ్, కవరులోని బ్యాచ్ ఒకటే అయితే. బాబుగారు సాఫ్ట్‌వేరు చూసుకుంటుందన్నది ఇక్కడే తప్పుతుంది. కంప్యూటరు తన లెక్కలో ముందుగా గడువు తీరే బ్యాచ్‌ను ఎంచుకుంటుంది, చెయ్యి మాత్రం అరలో ముందున్న స్ట్రిప్పును తీస్తుంది.

మా షాపులో జరిగినదే చెబుతాను. ఒక మందులో పాత బ్యాచ్ రెండు స్ట్రిప్పులు, అంటే 30 మాత్రలు, కొత్త బ్యాచ్ మూడు స్ట్రిప్పులు, అంటే 45 మాత్రలు ఉన్నాయి. సరుకు దించుకున్న కుర్రవాడు కొత్తవాటిని వెనక పెట్టకుండా ముందు పెట్టాడు. నాలుగు మాత్రలు కొత్త బ్యాచ్ నుంచి వెళ్లాయి, బిల్లు పాత బ్యాచ్‌పై పడింది. కంప్యూటరులో 26, 45 ఉన్నాయి, అరలో 30, 41 ఉన్నాయి. రెండు చోట్లా మొత్తం 71 కాబట్టి మొత్తం మాత్రమే చూసేవారికి ఈ తప్పు ఎన్నటికీ దొరకదు. ఒక బ్యాచ్‌లో ఎంత తగ్గిందో ఇంకో దానిలో అంతే పెరిగితే, అది దొంగతనమూ కాదు, లెక్కపెట్టడంలో పొరపాటూ కాదు, తప్పు బ్యాచ్‌పై పడిన బిల్లు. నాణ్యత లేదని తేలిన బ్యాచ్‌ల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ నెలనెలా విడుదల చేస్తుంది. అందులో మన బ్యాచ్ వచ్చిన రోజున, ఇలాంటి బిల్లులను నమ్ముకుంటే మందు వేసుకున్నవారిని వదిలేసి వేసుకోనివారికి ఫోన్లు చేస్తాం.

అందుకని ఎస్‌ఓపీలో ఈ వాక్యం రాయండి: “ముందు స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని దానిపై ఉన్న బ్యాచ్ చదవాలి, ఆ తరువాతే కంప్యూటరులో అదే బ్యాచ్‌ను ఎంచుకోవాలి.” వారానికొకసారి, తెరిచిన స్ట్రిప్పులు ఉన్న మందులకు మాత్రమే, బ్యాచ్ వారీగా లెక్కపెడితే చాలు. మాకు అరగంటలో ముగుస్తుంది.

బిల్లింగ్ బాబు: బ్యాచ్ సంగతి ఒప్పుకుంటాను, మా దగ్గరా అలాంటి తేడాలు కనిపిస్తే ఎంట్రీ తప్పనుకునేవాణ్ణి. కానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. గడువు తీరిన నిండు స్ట్రిప్పును స్టాకిస్టు వెనక్కి తీసుకుంటాడు, కత్తిరించినదాన్ని మా స్టాకిస్టులెవరూ తీసుకోరు. ఆ నష్టం షాపు నెత్తినే పడుతుంది.

కొత్తపేట పాతకాపు: పడుతుంది, కాదనను. ఒక్కో మందుకు ఒక్క స్ట్రిప్పే తెరిచి ఉంచితే ఆ నష్టం కొన్ని మాత్రలకు మించదు. అచ్చు పోయిన ముక్క ఎన్ని మాత్రలదైనా “అమ్మరాదు” అని రాసిన పెట్టెలోకే పోవాలి, అంచనాతో గడువు రాయకూడదు.

పటమట ఫార్మసిస్ట్: ఇంకో చిక్కు మిగిలింది. డాక్టరు మందు మార్చారని రెండు రోజులకు ఆరు మాత్రల ముక్కను తిరిగి తెస్తారు. దాన్ని ఏం చేయాలి?

కొత్తపేట పాతకాపు: నేను తీసుకోను. మే నెలలో స్కూటరు డిక్కీలో ఉందో, పొయ్యి పక్కన గూట్లో ఉందో మనకు తెలియదు. “30 డిగ్రీల లోపు” అని రాసి ఉన్న మందు నలభై దాటిన ఎండలో తిరిగొస్తే చూపుకు తేడా కనిపించదు.

బ్రాడీపేట నివాసి: తిరిగి అమ్మవద్దు, సరే. డబ్బు కూడా ఇవ్వకపోతే పేదవాళ్లు ఆ మాత్రలను పారేయరు, దాచుకుంటారు. ముక్క తీసుకుని “అమ్మరాదు” పెట్టెలో వేసి డబ్బు ఇచ్చేయవచ్చు కదా?

కొత్తపేట పాతకాపు: నెలకు ఇద్దరైతే ఇవ్వవచ్చు. ఇస్తారని పేరు పడితే ఇద్దరితో ఆగదండీ.

పటమట ఫార్మసిస్ట్: కత్తిరించే పద్ధతి, సొంత పెట్టె, ముందు చదివి తరువాత బిల్లు, వారపు లెక్క, వీటిని ఇవాళ రాసి యజమానికి ఇచ్చాను. లూజు డబ్బాను బల్ల మీద బోర్లిస్తే 43 ముక్కలు తేలాయి, వాటిలో గడువు చదవగలిగినవి 17. మిగతావి పక్కన పెట్టించాను. తిరిగి తెచ్చిన ముక్కల గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంచాను.