అప్‌డేట్: నాయనకు నిద్ర పరీక్ష, మాస్కు మార్చిన తర్వాత

నా ప్రశ్న: "మా నాయనకు 58 ఏళ్లు. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంది, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తారు. ఇది వయసు వల్లేనా?"

నల్గొండలో ఊపిరితిత్తుల వైద్యుణ్ణి కలిశాక, నాయనకు ఒక రాత్రంతా నిద్ర పరీక్ష చేశారు. ఆరు గంటల నిద్రలో 228 సార్లు, అంటే గంటకు 38 సార్లు, శ్వాస ఆగడమో బాగా తగ్గడమో జరిగింది. గంటకు 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియాగా, అంటే నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుగా, లెక్కిస్తారు. ముక్కు దగ్గర గాలి పూర్తిగా ఆగిన క్షణాల్లోనూ ఛాతీకి, పొట్టకు కట్టిన పట్టీలు కదులుతూనే ఉన్నట్టు వైద్యుడు గీతల్లో చూపించారు. ఊపిరి తీయమని మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంది, కానీ నిద్రలో కండరాలు సడలి గొంతు మూసుకుపోతోంది. ఆక్సిజన్ తగ్గి మెదడు ఉలిక్కిపడి లేచినప్పుడే అది తెరుచుకుంటోంది. ఆ మెలకువలు నాయనకు గుర్తుండవు, పగటి మత్తు మాత్రం మిగులుతుంది.

సీప్యాప్ యంత్రం గాలి ఒత్తిడితో గొంతును లోపలి నుంచి తెరిచి ఉంచుతుంది. నాయనకు 11 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి సరిపోతుందని తేల్చారు. అయినా మొదటి రెండు వారాలు యంత్రం తెరమీద AHI, అంటే గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క, 14 దగ్గరే ఉంది, పొద్దున నోరు పిడచకట్టుకుపోయేది. నేను ఒత్తిడి చాలలేదనుకున్నాను. నిజానికి ముక్కు మాస్కు పెట్టుకొని నోరు తెరిచి పడుకోవడంతో గాలి బయటికి పోయి, గొంతులో ఒత్తిడి నిలవలేదు. యంత్రంలోని లీకేజీ నమోదు చూసి వైద్యుడు ఈ సంగతి పట్టుకున్నారు. ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కు ఇచ్చాక, అదే ఒత్తిడితో AHI 3కు తగ్గింది. మాస్కు లేకుండా పడుకున్న ఒక్క రాత్రి గురక మళ్లీ మొదలైంది.