అల్యూమినియం క్రాంక్‌కేసులో మరలు పోయిన 6 ఎంఎం రంధ్రం: కేసు పాడవకుండా ఎలా బాగుచేయాలి?

అందరికీ నమస్కారం. నా పాత 150 సీసీ బైకుకు క్లచ్ ప్లేట్లు మార్చి కవరు బిగిస్తుండగా, కింది వరుసలోని ఒక బోల్టు బిగుసుకోకుండా ఊరికే తిరగసాగింది. బయటకు తీస్తే దాని మరల మధ్య అల్యూమినియం సన్నటి స్ప్రింగులా చుట్టుకొని వచ్చింది.

ఇది 1 ఎంఎం పిచ్ గల 6 ఎంఎం బోల్టు. రంధ్రంలోకి తీగ దించి కొలిస్తే లోతు 25 ఎంఎం ఉంది, పాత బోల్టు అందులో 15 ఎంఎం వరకే వెళ్లేది. కాబట్టి అడుగున మంచి మరలు ఇంకా ఉన్నాయి. అయితే పాతదానికన్నా 5 ఎంఎం ఎక్కువ పొడవున్న బోల్టు వేసినా పట్టు ఆ 5 ఎంఎంలోనే దొరుకుతుంది. అల్యూమినియంలో దాదాపు 9 ఎంఎం పట్టు ఉండాలి కనుక, అది 10 న్యూటన్ మీటర్ల బిగింపుకు నిలుస్తుందని నాకు నమ్మకం లేదు.

అందుకే 6.3 ఎంఎం బిట్‌తో రంధ్రం పెంచి, హెలికాయిల్ ట్యాప్‌తో కొత్త మరలు కోసి, 9 ఎంఎం పొడవు హెలికాయిల్ దించాలనుకుంటున్నాను. నా భయమంతా డ్రిల్లింగ్ గురించే, ఎందుకంటే రంధ్రానికీ కేసు అంచుకూ మధ్య గోడ 4 ఎంఎం మాత్రమే ఉంది, నా దగ్గర చేతి డ్రిల్లే ఉంది. మిగతా బోల్టులతో కవరు బిగించి, దాని రంధ్రాన్నే గైడుగా వాడుకుంటే బిట్ నిటారుగా దిగుతుందా? గ్రీజు పూసిన ట్యాప్‌ను అర చుట్టుకోసారి వెనక్కి తిప్పితే, రజను ఇంజన్‌లో పడకుండా ఆపడానికి సరిపోతుందా? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పగలరు.