కుక్క మృతిపై ఆటవెలది: నాలుగో పాదంలో గారాబపు మాటలు తప్పించడం ఎలా?

బెంగళూరు మల్లేశ్వరంలో మాతో 11 ఏళ్లు ఉండి, గత నెల మూత్రపిండాల జబ్బుతో చనిపోయిన మా కుక్కపై ఒక ఆటవెలది రాస్తున్నాను. నాలుగో పాదం మొదట “చిట్టి నాన్న లేక చిన్నబోయె” అని వచ్చింది. చిట్టి, బుజ్జి వంటి మాటలు గురులఘువులై సూర్యగణానికి అచ్చంగా సరిపోవడం వల్ల, ఐదు సూర్యగణాలు కావలసిన సరిపాదంలోకి అవే ముందుగా వచ్చి చేరుతున్నాయి. కానీ వాటితో అది ఏ ఇంటి కుక్కయినా కావచ్చు. “గొలుసు వేలుచుండె గోడ మీద” అని మార్చితే గణాలూ యతీ కుదిరాయి గానీ, వస్తువు మిగిలి కుక్క కనుమరుగైంది. చివరి రెండు వారాలు అది మూడో మెట్టు దగ్గర ఆగిపోయి, అరవకుండా, వెనక వస్తున్న నావైపు తిరిగి చూసేది. ఆ చూపును గారాబపు పిలుపు లేకుండా, యతి తప్పకుండా, ఐదు సూర్యగణాల్లో ఎలా చెప్పవచ్చు?