అప్‌డేట్: కార్డుతో అద్దె కడితే రెండుసార్లు ఫీజు ఎందుకు పడిందో తెలిసింది

నా ప్రశ్న: "20,000 అద్దె క్రెడిట్ కార్డుతో కట్టాను. స్టేట్‌మెంట్‌లో 20,236 ఒకటి, దాని కింద మళ్లీ 202.36, 36.42 ఉన్నాయి. ఇవేంటి?"

సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. యాప్ రసీదు, బ్యాంకు ఛార్జీల పట్టిక పక్కపక్కన పెట్టి చూడమన్న సలహాతోనే తేలింది. యాప్ తన కన్వీనియన్స్ ఫీజు 1 శాతం, అంటే 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36 కలిపి కార్డు నుంచి తీసుకుంది. ఆ మొత్తం 20,236 మీద నా బ్యాంకు అద్దె లావాదేవీ ఫీజంటూ విడిగా 1 శాతం వేసింది, దానికీ జీఎస్టీ. వెరసి అదనంగా 474.78. కట్టేటప్పుడు యాప్ చూపించింది తన వాటా మాత్రమే, అందుకే తికమకపడ్డాను.

అద్దె మీద పన్ను పడిందన్న నా అనుమానం తప్పు. పన్ను ఫీజుల మీదే. క్యాష్ అడ్వాన్స్ వడ్డీ కూడా కాదని కస్టమర్ కేర్ చెప్పింది.

పిల్లల ఫీజు ఈసారి స్కూల్లోనే మెషిన్ మీద స్వైప్ చేశాను. బ్యాంకు ఫీజు పడలేదు. నా కార్డు నిబంధనల్లో స్కూలు ఫీజుకి అది థర్డ్ పార్టీ యాప్‌లకే వర్తిస్తుంది. మీ కార్డు పట్టిక చూసుకోండి.