మీల్‌మేకర్, టోఫు, పనీరు: ప్రోటీన్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

జడ్చర్ల_బార్‌బెల్: మీల్‌మేకర్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు 52 గ్రాముల ప్రోటీన్ అని ఉంది. నానబెట్టి, పిండి, 100 గ్రాములు తూచి వండుకుంటున్న. గుడ్డు తినను. పనీరు, టోఫు కంటే ఇదే నయమా? మగోళ్ళకు హార్మోన్లు పాడైతయ్ అంటరు, అదెంతవరకు నిజం?

దేవరకొండ_వంటిల్లు: తమ్ముడూ, తూకమే తప్పు. 52 అనేది ఎండు మీల్‌మేకర్ లెక్క. 50 గ్రాముల ఎండువి నానబెట్టి గట్టిగా పిండితే 150 గ్రాముల దాకా వస్తయి. ప్రోటీన్ అదే 26 గ్రాములు, పెరిగింది నీళ్ళు. అంటే నానిన 100 గ్రాముల్లో నీకు వచ్చేది 17 గ్రాములే. ఎండువి తూచి ఆ తర్వాతే నానబెట్టు.

పాలమూరు_పాలవాడ: గట్లైతే పనీరు కూడా అంతే కదా! 100 గ్రాములకు 18 అటూ ఇటూ ఉంటది. పనీరే తినరాదు? మా దగ్గర బర్రె పాలు లీటరు విరగ్గొడితే దగ్గర దగ్గర 200 గ్రాముల పనీరు వస్తది, గిన్నెల నీళ్ళు ఒడిసి బట్టల కట్టి బరువు పెడితే చాలు.

దేవరకొండ_వంటిల్లు: ప్రోటీన్ అంతే, కొవ్వు సంగతి మర్చిపోయిండ్రు. పనీరులో 20 గ్రాములకు పైన కొవ్వు, మీల్‌మేకర్‌లో నామమాత్రం. బరువు పెరగాలనుకునేటోళ్ళకు పనీరు, తగ్గాలనుకునేటోళ్ళకు మీల్‌మేకర్. టోఫు కొవ్వుల ఈ రెండింటి మధ్యల ఉంటది, ప్రోటీన్ మాత్రం మెత్తటి దాంట్ల తక్కువ, గట్టిదాంట్ల ఎక్కువ. ప్యాకెట్ చూసి కొనాలె.

మిర్యాలగూడ_మాస్టారు: మీల్‌మేకర్ అంటే నూనె తీసినంక మిగిలిన చెక్క. పశువుల దాణా. దాన్ని తెచ్చి మనుషులకు ప్రోటీన్ అని అమ్ముతున్నరు.

దేవరకొండ_వంటిల్లు: నూనె తీసిన సోయా పిండే, కాదనలేదు. తినడానికి పనికొచ్చే గ్రేడు పిండిని వేడి, ఒత్తిడితో మెషిన్ల నొక్కితే ఉబ్బి స్పాంజి లెక్క అయితది. పల్లీ చెక్క కూడా పశువులు తింటయి, అట్లని పల్లి పనికిరానిదా?

మిర్యాలగూడ_మాస్టారు: పల్లికీ దీనికీ పోలికా? వాసన చూడుండ్రి ఒకసారి. గడ్డి వాసన.

దేవరకొండ_వంటిల్లు: ఆ వాసన సోయాది సహజంగ ఉండేదే. ఉప్పు వేసిన నీళ్ళు మరగనిచ్చి, మీల్‌మేకర్ వేసి 5 నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలె. చన్నీళ్ళల్ల రెండుసార్లు కడిగి, ప్రతిసారి పిండాలె. వాసన చాలా వరకు పోతది, కడుపుబ్బరం చేసే చక్కెరలు కొన్ని కూడా ఆ నీళ్ళతోనే పోతయి. ముక్క విరిస్తే నడుమ గట్టిగ, పొడిగ ఉంటే ఇంకా నానలేదు. అట్లనే కూరలేస్తే పైన మసాలా, లోపల రబ్బరు.

నల్లగొండ_కుర్రోడు: అందరూ ప్రోటీన్ చెప్తున్నరు, హార్మోన్ ముచ్చట ఎవరూ చెప్తలేరు. సోయాల ఆడ హార్మోన్ ఉంటది అన్న. మా జిమ్ముల అందరూ అంటరు.

సూర్యాపేట_ల్యాబు: ఆడ హార్మోన్ కాదు, దాన్ని పోలిన ఐసోఫ్లేవోన్లు. శరీరంలో ఈస్ట్రోజెన్ అతికే చోటే అతుకుతయి గని చాలా బలహీనంగ. 2021లో 41 క్లినికల్ అధ్యయనాలను కలిపి చూసిండ్రు, మగవాళ్ళల్ల టెస్టోస్టిరాన్ గని, ఈస్ట్రోజెన్ గని మారలేదు. మీ జిమ్ముల తిరిగే కథకు మూలం 2008 నాటి ఒక కేసు కావొచ్చు: అమెరికాల 60 ఏళ్ళ మనిషికి రొమ్ములు పెరిగినయి, ఆయన రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగేటోడు. మానేస్తే తగ్గింది. రోజుకు 50 గ్రాముల మీల్‌మేకర్‌కు, దానికి పోలికే లేదు.

నల్లగొండ_కుర్రోడు: అయితే ఎక్కువైతే వస్తది కదా. నేనన్నది కొంతన్నా నిజమే.

సూర్యాపేట_ల్యాబు: ఒక్క మనిషి కేసుతో లెక్క గీయొద్దు. జిమ్ముల ఎవరికన్నా అట్ల కనబడితే వాడు ఇంకేం మింగుతున్నడో అడుగుండ్రి ముందు.

వనపర్తి_అక్క: నాకు థైరాయిడ్ ఉంది. పొద్దున గోళీ వేసుకుని టిఫిన్‌ల టోఫు తినొచ్చా?

పాలమూరు_పాలవాడ: టోఫు ఎందుకక్కా, పనీరు తినుండ్రి.

సూర్యాపేట_ల్యాబు: అక్కా, సోయా మీ గోళీని సరిగ్గ ఒంటికి పట్టనియ్యదు. గోళీకి, సోయాకి 4 గంటల ఎడం పెట్టుండ్రి, టోఫును మధ్యాహ్నానికి జరపుండ్రి. కొత్తగ రోజూ తినడం మొదలుపెడితే డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకోండి. పాలల్ల కాల్షియం కూడా అడ్డమే, కాబట్టి గోళీ వెంటనే పనీరు కూడా వద్దు.

మిర్యాలగూడ_మాస్టారు: పనీరు గురించి చెప్పాల్సింది అసలు వేరే. బజార్ల నకిలీది కూడా తిరుగుతది. అయోడిన్ చుక్క వేస్తే నల్లబడ్తది.

దేవరకొండ_వంటిల్లు: పిండి కలిపితే నల్లబడ్తది మాస్టారూ. పామాయిల్‌తో చేసింది ఆ చుక్కకు దొరకదు. రంగు మారలేదని అసలుదనుకోవద్దు.

జడ్చర్ల_బార్‌బెల్: సరే, 50 గ్రాములు ఎండువి తూస్తా. పిండిన నీళ్ళు మొక్కలకు పోయొచ్చా?

మిర్యాలగూడ_మాస్టారు: ఉప్పు నీళ్ళయ్యా అవి!